ముఖం స్కోరు ఎంత వస్తే పోలిక కుదిరినట్టు?

ప్రశ్న: మాది కొత్తపేటలో చిన్న ఫోటో స్టూడియో. పోయిన పెద్దవాళ్ళ పాత ఫోటోల నుంచి కంప్యూటర్‌లో కొత్త పోర్ట్రెయిట్ తయారుచేసి ఇస్తున్నాం. పోలిక కుదిరిందో లేదో చూడటానికి ముఖాలు పోల్చే ఇన్‌సైట్‌ఫేస్ సాఫ్ట్‌వేర్‌తో స్కోరు తీస్తున్నాను. 0.71 వచ్చిన బొమ్మని ఇంట్లోవాళ్ళు "మా నాన్న కాదు" అన్నారు. 0.55 వచ్చినదాన్ని చూసి ఏడ్చేశారు. ఎంత వస్తే పాస్ అనుకోవాలి? అసలు ఈ నంబర్‌ని నమ్మొచ్చా?

జవాబు:

అందరికీ సరిపోయే పాస్ మార్కు లేదండి. ఏ మనిషి బొమ్మ చేస్తున్నారో ఆ మనిషి అసలు ఫోటోలతోనే ఒక కొలబద్ద తయారు చేసుకోవాలి. మీ బొమ్మ స్కోరు ఆ అసలు ఫోటోల పరిధి కంటే కింద పడితే పక్కన పెట్టేయండి, అక్కడ నంబర్‌ని నమ్మొచ్చు. పరిధి లోపలికి వచ్చిన తర్వాత మాత్రం ఎక్కువ స్కోరు బొమ్మకి ఎక్కువ పోలిక ఉందని అనుకోకూడదు. అక్కడి నుంచి తీర్పు ఇంట్లోవాళ్ళ కళ్ళదే. ఈ నంబర్ బొమ్మని తిరస్కరించడానికి పనికొస్తుంది, ఒప్పుకోవడానికి పనికిరాదు.

నేను తొమ్మిదేళ్ళు ముఖం చూసి హాజరు వేసే సిస్టమ్‌ల మీద పనిచేశాను. గత నాలుగేళ్ళుగా నారాయణగూడలో పాత ఫోటోలు బాగుచేసే పనిలో ఉన్నాను. ఈ రెండు పనుల్లో వాడేది ఒకే మోడల్. కానీ మొదటి పనిలో అది ఎంత మంచిదో, రెండో పనిలో అంత తికమక పెడుతుంది. ఎందుకో చెప్తాను.

ఇన్‌సైట్‌ఫేస్ మీ ఫోటో తీసుకుని ముందు ముఖంలో ఐదు బిందువులు వెతుకుతుంది: రెండు కళ్ళు, ముక్కు కొన, పెదాల రెండు చివరలు. అవి ఎప్పుడూ ఒకే చోటికి వచ్చేలా ఫోటోని తిప్పి, చిన్నదో పెద్దదో చేసి, 112×112 పిక్సెళ్ళ చిన్న చతురస్రంగా కత్తిరిస్తుంది. ఆ ముక్కని 512 అంకెల వరుసగా మారుస్తుంది. దాన్నే ఎంబెడింగ్ అంటాం. రెండు ముఖాల వరుసల మధ్య కోణం కొసైన్ విలువే మీకు కనిపించే స్కోరు. ఒకే ఫోటో అయితే 1 వస్తుంది, సంబంధం లేని ఇద్దరైతే 0 దగ్గర తిరుగుతుంది.

ఇక్కడ అసలు గమనించాల్సింది ఆ మోడల్‌కి ఇచ్చిన శిక్షణ. 2018లో వచ్చిన ఆర్క్‌ఫేస్ పద్ధతిలో, ఒక్కో మనిషివి ఎన్నో ఫోటోలు చూపించి, వెలుగు మారినా, వయసు మారినా, గడ్డం పెరిగినా ఆ ఫోటోలన్నీ ఒకచోటికి చేరాలని, వేరే మనిషివి దూరంగా పోవాలని నేర్పిస్తారు. తిరుమల వెళ్ళి గుండు చేయించుకుని వచ్చిన మనిషిని శంషాబాద్ విమానాశ్రయంలో డిజియాత్ర గేటు గుర్తుపట్టి లోపలికి పంపాలి. ఆ గేటుకి కావాల్సింది అదే. అదే మనిషి ఇంటికి వెళ్తే తలుపు తీసిన చంటిపిల్ల ఒక్క క్షణం బెదిరిపోతుంది. గేటు వేసుకునే ప్రశ్న "ఇతను అతనేనా?" మీ కస్టమర్ వేసుకునే ప్రశ్న "ఇందులో మా నాన్న ఉన్నాడా?" మొదటి ప్రశ్నకి జవాబు బాగా రావాలంటే రెండో ప్రశ్నకి పనికొచ్చే చాలా విషయాలని మోడల్ పట్టించుకోకూడదు. పట్టించుకోకుండా ఉండేలాగే దాన్ని తయారు చేశారు.

కొలబద్ద ఎలా తయారు చేయాలి

ఆ మనిషివి పన్నెండు నుంచి పదిహేను అసలు ఫోటోలు అడగండి. ముఖం వెడల్పు కనీసం 112 పిక్సెళ్ళు ఉన్నవే తీసుకోండి. ఏ వయసు బొమ్మ కావాలన్నారో ఆ వయసుకి అటూ ఇటూ ఐదారేళ్ళలోనివి అయితే మంచిది. పెళ్ళిఫోటో, రిటైర్మెంట్ ఫోటో కలిపి సగటు తీస్తే ఆయన ఏ రోజూ మోయని ముఖం ఒకటి తయారవుతుంది. గ్రూప్ ఫోటో అయితే ముందే ఆ మనిషి వరకు కత్తిరించి పెట్టుకోండి.

ఇప్పుడు ఒక్కో అసలు ఫోటోని పక్కకి తీసి, మిగతావాటి సగటుతో పోల్చాలి:

```python
import cv2, numpy as np
from insightface.app import FaceAnalysis

app = FaceAnalysis(name="buffalo_l")
app.prepare(ctx_id=-1, det_size=(640, 640))

def emb(path):
    faces = app.get(cv2.imread(path))
    f = max(faces, key=lambda x: x.bbox[2] - x.bbox[0])
    return f.normed_embedding

E = np.array([emb(p) for p in refs])
for i in range(len(E)):
    m = np.delete(E, i, axis=0).mean(axis=0)
    m /= np.linalg.norm(m)
    print(refs[i], round(float(E[i] @ m), 3))
```

`refs` అంటే మీ అసలు ఫోటోల ఫైల్ పేర్ల జాబితా. వచ్చిన అంకెల్లో అన్నిటికంటే తక్కువది, మధ్యది, ఎక్కువది రాసుకోండి. అదే ఆ మనిషి పరిధి. తర్వాత అసలు ఫోటోలన్నిటి సగటుతో మీ బొమ్మని పోల్చండి.

పక్కకి తీసి పోల్చడం ఎందుకంటే, చాలామంది తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. ఒక ఫోటోని ఇంకో ఫోటోతో పోలిస్తే వచ్చే అంకె వేరు, సగటుతో పోలిస్తే వచ్చే అంకె వేరు. సగటులో ఒక్కో ఫోటో వెలుగు, కోణం తాలూకు గొడవ చాలావరకు కొట్టుకుపోతుంది కాబట్టి సగటుతో స్కోరు ఎప్పుడూ పెరుగుతుంది. అసలు ఫోటోల మధ్య జతకి జత 0.62 వస్తుంటే, పదమూడు ఫోటోల సగటుతో అదే మనిషికి 0.77 దాకా వస్తుంది. కాబట్టి మీ 0.71 ఒక్క ఫోటోతో పోల్చి వచ్చిందా, సగటుతో పోల్చి వచ్చిందా అన్నది తెలియకుండా దాని గురించి ఏమీ చెప్పలేం. మొదటిదైతే చాలా ఎక్కువ, రెండోదైతే మామూలు కంటే కాస్త తక్కువ.

ఇంకొక్క కొలత కూడా తీసుకోండి. ఆయన తమ్ముడిదో, కొడుకుదో ఫోటో అడిగి తీసుకుని అదే సగటుతో పోల్చండి. రక్తసంబంధం ఉన్నా ఆయన కాని ముఖానికి ఎంత వస్తుందో తెలుస్తుంది. మీ బొమ్మ ఆ అంకె దగ్గర ఆగిపోతే మీరు చేసింది ఆ ఇంటి ముఖం, ఆయన ముఖం కాదు.

మలక్‌పేట మాస్టారి బొమ్మ

మలక్‌పేట నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. సంవత్సరీకానికి పంచె, కండువాతో ఉన్న బొమ్మ కావాలన్నారు. పద్నాలుగు ఫోటోలు దొరికాయి. పక్కకి తీసి పోల్చితే పరిధి 0.58 నుంచి 0.86 వచ్చింది, మధ్యది 0.77. ఆయన తమ్ముడి ఫోటోకి అదే సగటుతో 0.37.

ముప్పైకి పైగా బొమ్మలు తయారయ్యాయి. 0.58 కంటే కింద పడినవన్నీ చూడకుండానే తీసేశాను. తర్వాత అనుమానం వచ్చి వాటినీ తెరిచి చూస్తే ఒక్కటి కూడా ఇవ్వదగ్గది లేదు. ఆ పని నంబర్ బాగా చేసింది. మిగిలినవాటిలో రెండు ప్రింట్ చేశాను. ఒకదానికి 0.79, ఇంకోదానికి 0.66.

0.79 బొమ్మని పెద్దమ్మాయి చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "నాన్నకి అన్నయ్య ఉండుంటే ఇలా ఉండేవాడేమో" అంది. 0.66 బొమ్మ బల్లమీద పెట్టగానే వాళ్ళమ్మగారు కుర్చీలోంచి లేచారు. "పేపరు చదువుతుంటే కాఫీకి పిలిచానా, ఇలాగే చూసేవారు" అన్నారు.

ఆ రాత్రి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. మాస్టారి ఎడమ కనురెప్ప కుడిదానికంటే వెంట్రుకవాసి కిందికి ఉండేది. 0.79 బొమ్మలో రెండు కళ్ళూ సమానంగా ఉన్నాయి. రంగు చామనఛాయ నుంచి ఒక మెట్టు తెల్లబడింది. తల నిటారుగా ఉంది. 0.66 బొమ్మలో రెప్ప సరిగ్గా ఉంది, తల కొంచెం కిందికి వంచి కళ్ళజోడు పైనుంచి చూస్తున్నారు. ఆ వంపు వల్లా, కళ్ళజోడు అంచు కంటికి అడ్డం రావడం వల్లా స్కోరు తగ్గింది. అంటే ఆయన్ని ఆయనగా చేసిన చూపే అక్కడ మార్కులు పోగొట్టింది.

ఇంకోటి కూడా బయటపడింది. 0.79 బొమ్మని సగటుతో కాకుండా పద్నాలుగు ఫోటోలతో విడివిడిగా పోల్చాను. పెన్షన్ పుస్తకంలోని పాస్‌పోర్ట్ సైజు ఫోటోతో 0.84 వచ్చింది, మిగతావాటితో 0.62 దగ్గర ఉంది. అంటే ఆ బొమ్మ పెన్షన్ ఫోటోకి నకలు. ఎవరైనా సరే, ఆఫీసులో ఫోటో దిగేటప్పుడు బిగుసుకుపోయిన ముఖాన్ని ఇంట్లోవాళ్ళు తమ మనిషిగా గుర్తుంచుకోరు. అందుకే సగటు స్కోరు ఒక్కటే చూడకండి, విడివిడి స్కోర్లు కూడా చూడండి. ఒక్క ఫోటోతో మాత్రమే చాలా ఎక్కువ వచ్చి మిగతావాటితో రాకపోతే బొమ్మ ఆ ఫోటోని కాపీ కొట్టినట్టే.

నంబర్‌కి కనిపించనివి

నా మాట అక్కర్లేదు, మీరే ఒక సాయంత్రం కూర్చుని పరీక్షించి చూడండి. ఒక మంచి అసలు ఫోటో తీసుకుని దాన్ని అద్దంలో చూసినట్టు తిప్పండి. అసలుదానితో పోల్చితే స్కోరు దాదాపు కదలదు. శిక్షణలోనే ఫోటోలని అలా తిప్పి చూపిస్తారు కాబట్టి మోడల్‌కి ఎడమా కుడీ ఒకటే. కానీ పాపిడి అటు మారినా, పుట్టుమచ్చ ఇటు వచ్చినా భార్యకి ఒక్క చూపులో తెలిసిపోతుంది. తర్వాత అదే ఫోటోలో ఆ పుట్టుమచ్చ చెరిపేయండి. మళ్ళీ స్కోరు పెద్దగా మారదు. ఫోటోని నలుపు తెలుపు చేయండి, లేదా ముఖం రంగు ఒక మెట్టు తెల్లగా చేయండి. అప్పుడూ కొద్దిగానే మారుతుంది. ఈ రంగు విషయంలో చాలా జాగ్రత్త అవసరం. బొమ్మలు తయారుచేసే మోడల్స్ అడగకుండానే చర్మం నునుపు చేస్తాయి, తెల్లబరుస్తాయి. మీ స్కోరు దాన్ని పట్టుకోదు. ఆ బొమ్మ చూసిన కూతురు ఏదో తేడాగా ఉందంటుంది కానీ ఏమిటో చెప్పలేదు.

ఇంకొన్ని అయితే కొలతలోకే రావు. ముందు చెప్పిన 112×112 ముక్కలో జుట్టులో ఎక్కువ భాగం, చెవులు, మెడ ఉండవు. తల ఒక పక్కకి వాల్చి నవ్వే అలవాటు ఉన్న మనిషైతే ఆ వాలుని ఐదు బిందువులు సరిచేసేటప్పుడే తీసేస్తారు. భుజాలు వంచి నిలబడే తీరు, పొట్టి మెడ, పెద్ద తల ఇవేవీ మోడల్ దాకా చేరవు. నుదుటి బొట్టు సైజు ఒక పిసరు పెరిగితే ఆవిడ ఆవిడలా ఉండరని పిల్లలకి తెలుసు, ఈ అంకెకి తెలియదు.

దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది. పోలిక చెడకపోయినా స్కోరు పడిపోయే సందర్భాలు. ముఖం పక్కకి తిరిగితే, నోరు తెరిచి పెద్దగా నవ్వితే, నల్ల కళ్ళజోడు పెడితే, ఇరవై ఏళ్ళ తేడా ఉంటే అసలు ఫోటోకి కూడా తక్కువే వస్తుంది. అందుకే మీ అసలు ఫోటోల్లో కనీసం మూడు నాలుగైనా మీరు చేస్తున్న బొమ్మ భంగిమలో ఉండాలి. లేకపోతే పరిధి అన్యాయంగా పైకి జరిగి, మంచి బొమ్మలు కింద పడిపోతాయి.

పరీక్ష పెట్టినవాడే దిద్దితే

మీరు బొమ్మ ఎలా తయారు చేస్తున్నారో రాయలేదు. ఫోటోలోని ముఖం తీసుకుని కొత్త బొమ్మలో పెట్టే ఐపీ-అడాప్టర్ ఫేస్‌ఐడీ, ఇన్‌స్టంట్‌ఐడీ, ఇన్‌స్వాపర్ లాంటి టూల్స్ వాడుతుంటే ఒక చిక్కుంది. అవి ముఖం తెలుసుకోవడానికి ఇన్‌సైట్‌ఫేస్ ఎంబెడింగే తీసుకుంటాయి. అంటే మీరు ఏ అంకెలతో కొలుస్తున్నారో, బొమ్మ ఆ అంకెలకి దగ్గరగా ఉండేలాగే తయారవుతోంది. స్కోరు ఎక్కువ రాకుండా ఎలా ఉంటుంది? అలాంటప్పుడు 0.71 అన్నది పోలికకి సాక్ష్యం కాదు. కొలవడానికి వేరే మోడల్ వాడండి. డీలిబ్ అనే ఇంకో లైబ్రరీలోని ముఖ మోడల్ 128 అంకెలది, దాని శిక్షణ వేరు, కాబట్టి రెండో పరీక్షకుడిగా పనికొస్తుంది. ఒక్క తేడా గుర్తుంచుకోండి: డీలిబ్ ఇచ్చేది దూరం. అంకె తగ్గేకొద్దీ పోలిక ఎక్కువ, ఒకే మనిషి అనడానికి వాళ్ళు సూచించే హద్దు 0.6. దానికి కూడా ఇదే పద్ధతిలో కొలబద్ద కట్టుకోండి. ఒక మోడల్‌లో పైన, ఇంకోదాంట్లో పరిధి బయట పడిన బొమ్మలని నేను ప్రింట్‌కి పంపను.

స్టూడియో నడుపుతున్నారు కాబట్టి ఇంకో మాట. పై కోడ్‌లో వాడిన `buffalo_l` మోడల్ ఫైళ్ళు వాణిజ్యం కాని పరిశోధనకి మాత్రమే అని ఇన్‌సైట్‌ఫేస్ వాళ్ళే రాశారు. డబ్బులు తీసుకునే పనికి వాడేముందు ఆ షరతులు చదవండి.

మసక ఫోటోలతో కూడా మోసపోకండి. బాగా మసకబారిన ముఖాల్లో మనిషిని వేరుచేసే వివరం మిగలదు కాబట్టి, ఆ అంకెల వరుసలు ఒకదానికొకటి దగ్గరగా పోగవుతాయి. సంబంధం లేని ఇద్దరి మసక ఫోటోలకి కూడా అనుకోనంత స్కోరు రావచ్చు. పాత ఫోటోని ముందు సాఫ్ట్‌వేర్‌తో శుభ్రం చేసి, ఆ తర్వాత దాన్నే అసలు ఫోటోగా కొలతలో పెట్టడం ఇంకా పెద్ద తప్పు. ఆ శుభ్రంలో సగం ముఖం సాఫ్ట్‌వేర్ ఊహించి గీసిందే.

ఇంటర్నెట్‌లో దొరికే హద్దులని కూడా మన వాళ్ళ ముఖాలకి నేరుగా పెట్టకండి. 2019 డిసెంబరులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ విడుదల చేసిన నివేదికలో, చాలా అల్గారిథమ్‌లు ఆసియా, ఆఫ్రికా మూలాలున్న ఇద్దరు వేర్వేరు మనుషులని ఒకరే అని పొరబడటం తెల్లవారి విషయంలో కంటే ఎక్కువని తేలింది. ఎక్కడో కట్టిన హద్దు కంటే మీ దగ్గర కట్టుకున్న కొలబద్ద నమ్మకమైనది అనడానికి ఇది ఇంకో కారణం.

ఇంట్లోవాళ్ళని ఎలా అడగాలి

పరిధిలోకి వచ్చినవాటిలోంచి మూడు ఎంచుకుని ప్రింట్ చేయండి. స్కోరు ఎవరికీ చెప్పకండి, మీ మనసులోని ఇష్టం కూడా ముఖంలో కనిపించనివ్వకండి. "బాగుందా?" అని అడిగితే మర్యాదకి బాగుందంటారు. నేను ఒక్కో బొమ్మ ఇచ్చి "ఇది ఎప్పటి ఫోటోలా ఉంది?" అని అడుగుతాను. "చెల్లి పెళ్ళి అయిన కొత్తలో" అనో, "ఆపరేషన్‌కి ముందు" అనో వెంటనే అన్నారంటే ఆ బొమ్మలో మనిషి ఉన్నాడు. "ఏమో, ఎప్పుడు తీశారో" అని ఆలోచనలో పడితే లేడు. భార్యనీ, పిల్లలనీ, ఒక పాత స్నేహితుడినీ విడివిడిగా అడగండి. ఒకరి ముందు ఒకరు చెప్తే మొదటి మాటే అందరి మాట అయిపోతుంది. వాళ్ళు వేర్వేరు బొమ్మలు ఎంచుకుంటే కంగారు పడకండి. ఆయన భార్యకి చూపించిన ముఖం, క్లాసులో పిల్లలకి చూపించిన ముఖం ఒకటి కాదు. గోడమీద ఎవరి కోసం పెడుతున్నారో వాళ్ళ మాట తీసుకుంటాను.

వాళ్ళు "తేడాగా ఉంది" అంటే ఎక్కడో చెప్పమని ఒత్తిడి చేయకండి, చాలామంది చెప్పలేరు. బొమ్మలో కళ్ళ భాగం చేత్తో మూసి చూపించండి, తర్వాత నోటి భాగం మూయండి. ఏది మూసినప్పుడు వాళ్ళ ముఖం తేలికపడిందో అక్కడే సరిచేయాలి. మాస్టారి 0.79 బొమ్మలో కళ్ళు మూసినప్పుడు పెద్దమ్మాయి "ఆఁ, ఇప్పుడు నాన్నే" అంది. ఆ కనురెప్ప సంగతి నాకు అలాగే దొరికింది.

మీ రెండు బొమ్మలకీ ఇప్పుడు చేయాల్సింది ఇది. ముందు ఆ మనిషి అసలు ఫోటోలతో పరిధి కట్టండి, 0.55 ఆ పరిధిలో ఉందో లేదో చూడండి. ఉంటే అందులో వింతేమీ లేదు, ఇంట్లోవాళ్ళు ఎంచుకున్నదే ఇవ్వండి. పరిధి కిందికి పడితే వెంటనే పారేయకుండా, ఆ బొమ్మలో తల కోణం, నవ్వు, కళ్ళజోడు ఎలా ఉన్నాయో చూసి, అలాంటి అసలు ఫోటోలు ఇంకో మూడు అడిగి కలిపి మళ్ళీ తీయండి. 0.71 బొమ్మని మాత్రం విడివిడిగా ఒక్కో ఫోటోతో పోల్చి, ఏ ఒక్క ఫోటోతో ఎక్కువ వచ్చిందో ఇక్కడ రాయండి. అది ఆధార్ ఫోటోనో, పెన్షన్ ఫోటోనో అయ్యుంటుందని నా అంచనా.